నామినీ పేరు వేరు, వారసత్వ హక్కు వేరు: పాత ఫారం తెచ్చే చిక్కులు

బ్యాంకు డిపాజిట్ల నామినేషన్ నిబంధనలు 2025 నవంబరు 1 నుంచి మారాయి. అంతకుముందు ఒక్క పేరే రాసే వీలుండేది, ఇప్పుడు నలుగురి దాకా రాయొచ్చు. ఎవరికి ఎంత శాతమో కూడా చెప్పొచ్చు, కాకపోతే మొత్తం కలిపి వంద శాతం కావాలి. లాకర్‌కైతే పేర్లు ఒకరి తర్వాత ఒకరిగానే పనిచేస్తాయి. ఈ మార్పు విన్నాక చాలా ఇళ్లలో "పిల్లలందరి పేర్లూ రాసేస్తే పంపకం అయిపోయినట్టే కదా?" అని అడుగుతున్నారు. కానీ పంపకం అలా అయిపోదు.

బ్యాంకు దృష్టిలో నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి. నామినీకి డబ్బిచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. కానీ ఆ డబ్బుకు యజమానులు వారసులే. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలోనూ నామినీ యజమాని కాడని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో శక్తి యజ్దానీ కేసులో తేల్చి చెప్పింది.

ఇబ్బంది ఎక్కడొస్తుందో ఒక ఉదాహరణలో చూద్దాం. గుంటూరులో ఒక వ్యాపారి చనిపోయాడనుకుందాం. ఆయన సున్నీ, హనఫీ. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారు. పెద్దకొడుకు తండ్రి కంటే ముందే చనిపోయాడు, అతని పిల్లవాడు తాత ఇంట్లోనే పెరుగుతున్నాడు. డిపాజిట్లు 25 లక్షలు. వాటికి నామినీ ఎవరంటే, పెళ్లికి ముందు ఖాతా తెరిచిన రోజు రాసిన తమ్ముడి పేరే ఇంకా ఉంది.

బ్యాంకు ఆ 25 లక్షలూ తమ్ముడి చేతికే ఇస్తుంది. కొడుకు ఉన్నాడు కాబట్టి షరీఅత్ ప్రకారం తమ్ముడికి అందులో రూపాయి కూడా రాదు. అతను మంచివాడైతే తెచ్చి వదిన చేతిలో పెడతాడు. "అన్నయ్య నాకే ఇచ్చాడు" అని మొండికేస్తే మాత్రం, ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి పిల్లల్ని వెంటబెట్టుకుని కోర్టు గురించి ఆలోచించాల్సి వస్తుంది.

తమ్ముడు డబ్బు తిరిగిచ్చినా ఇంకో కష్టం మిగిలే ఉంటుంది. బతికున్న కొడుకు ఉండగా చనిపోయిన కొడుకు బిడ్డకు వారసత్వంలో వాటా రాదు. ఆ మనవడికి ఏదైనా అందాలంటే తాత వసీయత్ రాసి ఉండాలి. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన దాంట్లో మూడో వంతు దాకా, వారసులు కానివారికి రాయొచ్చు. చెల్లించని మెహర్ కూడా అప్పు కిందే లెక్క.

ఆయన అలా రాసి ఉంటే లెక్క ఇలా ఉండేది. మెహర్ బాకీ లక్ష తీసేస్తే 24 లక్షలు మిగులుతాయి (అంత్యక్రియల ఖర్చు ఇంట్లో ఉన్న నగదుతో అయిపోయిందనుకుందాం). మూడో వంతు అంటే 8 లక్షలు మనవడికి పోతాయి. మిగతా 16 లక్షల్లో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 2 లక్షలు. ఇక 14 లక్షలు. కొడుకు వాటా కూతురి వాటాకు రెట్టింపు కాబట్టి నాలుగు భాగాలు చేస్తే కొడుకుకు 7 లక్షలు, ఒక్కో కూతురికి మూడున్నర లక్షలు. మెహర్ లక్ష భార్యకు వేరుగా అందుతుంది.

ఇదే వసీయత్‌లో ఒక కూతురికి అదనంగా రాస్తే చెల్లుతుందా? హనఫీ పద్ధతిలో వారసులకు చేసిన వసీయత్‌కు, తండ్రి పోయాక మిగతా వారసులు ఒప్పుకోవాలి. మూడో వంతు దాటినా అంతే. షియా పద్ధతిలో మూడో వంతు లోపు వారసులకూ రాయొచ్చు.

ముస్లిం చట్టంలో నోటి వసీయత్ కూడా చెల్లుతుంది, కానీ రేపు దాన్ని రుజువు చేయడం కష్టం. అందుకే కాగితం మీద రాసుకోవడం మేలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. తేదీ, మెహర్ బాకీ, ఇతర అప్పులు, ఖాతాలు ఏ బ్యాంకులో ఉన్నాయి, ఎవరికి ఎంత భాగం అనేవి రాయాలి. మూడో వంతును రూపాయల్లో కాక భాగంగానే రాస్తే, డిపాజిట్ పెరిగినా తగ్గినా లెక్క చెడదు. లాభం పొందేవారు కాకుండా వేరే ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే మంచిది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే తర్వాత "ఇది దొంగ సంతకం" అనే గొడవ తగ్గుతుంది. బతికున్నంతకాలం మార్చుకోవచ్చు, చివరగా రాసినదే చెల్లుతుంది.

ఇక నామినీ సంగతి. వసీయత్ రాసినంత మాత్రాన బ్యాంకు రికార్డులో పేరు మారదు, దానికి విడిగా ఫారం ఇచ్చి రసీదు తీసుకోవాలి. పైన చెప్పిన ఇంట్లో తమ్ముడి పేరు తీసేసి భార్య పేరు పెడితే డబ్బు ముందు ఇంటికి చేరేది. ఆమె వాటా మాత్రం ఆ ఎనిమిదో వంతే, మిగతాది హక్కుదారులకు పంచాల్సిందే. మనవడిని నామినీ చేస్తే, అతను మైనరు కాబట్టి అతని తరఫున డబ్బు తీసుకునే పెద్దమనిషి పేరు కూడా ఫారంలో రాయాలి.

పెళ్లి, బిడ్డ పుట్టడం, తలాక్, ఇంట్లో ఒకరి మరణం: వీటిలో ఏది జరిగినా పాస్‌బుక్ తీసి నామినీ ఎవరో ఒకసారి చూసుకోవాలి. పాస్‌బుక్‌లో పేరు కనిపించకపోతే బ్రాంచిలో అడిగి తెలుసుకోవాలి.