రాజీ కాదు, విచారణ కావాలి

కంపెనీలో పనిచేసే ఒక చెల్లె, సూపర్‌వైజరు షిఫ్టులో చెయ్యి పట్టుకున్నాడని హెచ్చార్ ఆఫీసరుకి చెప్పిందనుకుందాం. ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి రాజీ చేయించడం విచారణ కాదు, దొరగారి పంచాయితీ. 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీయే విచారించాలి. ఆఫీసరు ఫిర్యాదును కమిటీకి అందించాలి. ఆమెకు రాత రాకపోతే రాయడానికి కమిటీ సాయపడాలి.

ఫిర్యాదు నకలు 7 పనిదినాల్లో అతనికి చేరాలి. అతని జవాబూ వినాలి. సాక్షులను విడివిడిగా అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, సంతకం తీసుకోవాలి. ఆనాటి షిఫ్టు రిజిస్టరు, ఫోను మెసేజీలు జతచేయాలి. 90 రోజుల్లో ముగించాలి.

ఇద్దరి పేర్లూ బయటికి పొక్కకూడదు. వర్క్‌షాపులో గుసగుసలు మొదలయ్యాయంటే ఆఫీసులోనే ఎవరో నోరు జారారన్నమాట. ‘నీ మంచికే’ అంటూ ఆమెనే వేరే సెక్షనుకి తోసేస్తే అది ఆమెకే శిక్ష. బదిలీ ఆమె రాసి అడిగితేనే.

తప్పును బట్టి శిక్ష ఉండాలి. వెకిలి మాటకు రాతపూర్వక క్షమాపణ, హెచ్చరిక సరిపోవచ్చు. చెయ్యి వేసినవాడికీ అదే హెచ్చరికతో సరిపెడతారా అని మేం అడుగుతున్నాం. రుజువు కాకపోయినంత మాత్రాన ఆమె అబద్ధం ఆడినట్టు కాదని చట్టమే చెప్పింది.