వడ్డీ లేదన్న వాయిదాలో రెండున్నర రూపాయల వడ్డీ

తెలుగు నేల మీద అప్పు మాట వచ్చినప్పుడు వడ్డీని శాతాల్లో చెప్పుకునే అలవాటు నేటికీ తక్కువే. నూటికి రూపాయా, రూపాయిన్నరా, రెండా అని అడుగుతారు. నెలకు నూటికి మూడు రూపాయలంటే అప్పు అవసరమైనవాడు సైతం ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. ఇంత లెక్క తెలిసిన సమాజం గృహోపకరణాల దుకాణంలో అడుగుపెట్టేసరికి ఆ ప్రశ్నే మరచిపోతోంది. ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్న బోర్డు కింద వడ్డీ ఎంత అని అడగడం అర్థం లేని పనిగా కనిపిస్తోంది. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతోంది.

బ్యాంకు గానీ ఫైనాన్సు సంస్థ గానీ ఎవరికీ ఉచితంగా డబ్బు ఇవ్వదు. దేశ బ్యాంకింగ్ నియంత్రణ వ్యవస్థ 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు ఈ సంగతి స్పష్టం చేసింది. సున్నా శాతం వడ్డీ అనే భావనే లేదని, కార్డు బకాయిలపై ఇచ్చే ఇలాంటి పథకాల్లో వడ్డీ ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో ఖాతాదారు మీద పడుతోందని పేర్కొంది. వస్తువు ధరలో రాయితీ ఉన్నట్లయితే ఆ రాయితీ మేరకు అప్పు మొత్తాన్ని తగ్గించాలే తప్ప, దాన్ని వడ్డీ తగ్గింపుగా చూపరాదని కూడా చెప్పింది. ఈ రెండో మాట చాలా కీలకమైనది. నేటి పథకాల గుట్టంతా దాని చుట్టూనే తిరుగుతోంది.

ప్రస్తుత పద్ధతి పరిశీలిద్దాం. ఒక ఫ్రిజ్ మీద 36,000 రూపాయల ధర రాసి ఉంది. నెలకు 6,000 చొప్పున ఆరు నెలలు కడితే సరిపోతుందని, వడ్డీ లేదని దుకాణం చెబుతుంది. ఆరు ఆర్లు ముప్పైఆరు కాబట్టి కొనుగోలుదారుకు అనుమానం రాదు. కానీ బ్యాంకు పుస్తకంలో ఈ లావాదేవీ మరోలా ఉంటుంది. ఏడాదికి 15 శాతం వడ్డీ అనుకుంటే, ఆ ఆరు నెలలకు అయ్యే 1,524 రూపాయల వడ్డీని ధరలోంచి ముందే తగ్గించి, 34,476 రూపాయలను అప్పుగా రాసుకుంటారు. ఆ తగ్గింపు భారాన్ని తయారీ సంస్థో విక్రేతో మోస్తారు. తరువాత ఆ వడ్డీనే వాయిదాల్లో కొనుగోలుదారు నుంచి వసూలు చేస్తారు. అంటే వడ్డీ ఉంది. దానికి సమానమైన రాయితీ కూడా ఉంది. రెండూ ఒకదానికొకటి చెల్లిపోయాయన్నదే ‘నో కాస్ట్’ అన్న మాటకు ఆధారం.

ఇక్కడివరకు దోషం లేదు. అయితే అదే ఫ్రిజ్‌ను అదే రోజు మొత్తం సొమ్ము ఒకేసారి చెల్లించి కొనేవారికి దుకాణం ఎంతకు ఇస్తోంది? 33,500కు ఇస్తోందనుకుందాం. పండుగ బేరాల్లో, వేసవి ముందు ఏసీల బేరాల్లో ఈపాటి తగ్గింపు అసాధారణమేమీ కాదు. వాయిదా కోరినవారికి ఈ 2,500 రూపాయల తగ్గింపు వర్తించదు. అది వర్తించదన్న సంగతి ఏ కాగితం మీదా రాసి ఉండదు. వాయిదా వేసుకున్నవారు నిజానికి అప్పుగా పొందింది 36,000 కాదు, బ్యాంకు రాసుకున్న 34,476 కూడా కాదు. వారికి ఆ వస్తువు విలువ 33,500 మాత్రమే. దాన్ని మించి చెల్లించే ప్రతి రూపాయీ అప్పు ఖరీదే.

ఆ ఖరీదు ఎంతో చూద్దాం. వదులుకున్న రాయితీ 2,500. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే, దానిపై 18 శాతం జీఎస్టీతో కలిపి 235. కార్డు వాయిదాల్లో వడ్డీ మీద కూడా జీఎస్టీ ఉంటుంది. వడ్డీకి సమానమైన రాయితీ ఇచ్చినవారు ఈ పన్నును ఇవ్వరు కనుక 1,524 మీద 274 రూపాయలు కొనుగోలుదారే కట్టాలి. ఇది నెలనెలా బిల్లులో చిన్న చిన్న ముక్కలుగా పడుతుంది కాబట్టి ఎవరూ గమనించరు. మూడూ కలిపితే 3,009 రూపాయలు.

ముప్పైఆరు వేల వస్తువు మీద మూడు వేలంటే ఎనిమిది శాతమే కదా అని సరిపెట్టుకునేవారు ఉంటారు. ఆ లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, భాగించవలసింది రొక్కం ధరతో. రెండోది ఇంకా పెద్దది: ఆ సొమ్ము మొత్తం ఆరు నెలలూ మన దగ్గర లేదు. మొదటి నెల చివరే ఆరో వంతు తిరిగి వెళ్లిపోయింది, రెండో నెల చివర మరో ఆరో వంతు. సగటున చూస్తే అప్పు మన చేతిలో ఉన్నది మూడున్నర నెలలు మాత్రమే. వాయిదాల సంఖ్యకు ఒకటి కలిపి సగం చేస్తే ఈ సగటు కాలం వస్తుంది. 3,009ని మూడున్నరతో భాగిస్తే నెలకు 860 రూపాయలు. 33,500 మీద నెలకు 860 అంటే నూటికి రెండున్నర రూపాయల పైమాటే. ఏడాదికి దాదాపు 30 శాతం. బ్యాంకు తన కాగితంలో చూపిన 15 శాతానికి ఇది రెట్టింపు.

ఇదే లెక్కను మూడు వాయిదాలకు వేస్తే మరో విషయం బయటపడుతుంది. త్వరగా తీరిపోయే అప్పు చౌక అని అందరూ అనుకుంటారు. మూడు నెలల వాయిదాలో వడ్డీ తక్కువ కాబట్టి దాని మీది జీఎస్టీ 159కి తగ్గుతుంది. కానీ వదులుకున్న 2,500, ఫీజు 235 అలాగే ఉంటాయి. మొత్తం 2,894. సగటు కాలం రెండు నెలలే కాబట్టి నెలకు 1,447 రూపాయలు, అంటే నూటికి నాలుగు రూపాయల ముప్పై పైసలు. రూపాయల్లో భారం కాస్త తగ్గింది, వడ్డీ రేటు మాత్రం ఏడాదికి 50 శాతం దాటిపోయింది. మూడు నెలల్లో సర్దుబాటు చేసుకోగలిగిన కుటుంబం అదే సొమ్ము కూడబెట్టుకుని కొనడమో, ఇంట్లోనే చేబదులు తీసుకోవడమో ఎంత లాభమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

న్యాయంగా మరో పక్షాన్ని కూడా చెప్పాలి. రొక్కం ఇచ్చినా వాయిదా వేసినా దుకాణం 36,000 మీద ఒక్క రూపాయీ తగ్గించదనుకుందాం. అప్పుడు అదనపు భారం ఫీజు, జీఎస్టీ కలిపి 509 మాత్రమే. నెలకు నూటికి నలభై పైసలు. బయట ఇంత తక్కువకు అప్పు దొరకడం కష్టం. కొత్తగా విడుదలై తగ్గింపులు మొదలుకాని ఫోన్లలో ఇలాంటి సందర్భాలు నిజంగానే ఉంటాయి. అందుచేత ఈ పథకాలన్నీ మోసమని తీర్మానించడం సబబు కాదు. ఒకే బోర్డు కింద నలభై పైసల అప్పూ ఉంది, నాలుగు రూపాయల అప్పూ ఉంది. ఏది ఏదో తేల్చే సమాచారాన్ని కొనుగోలుదారు కంట పడనీయకపోవడమే దోషం.

పైన చెప్పిన లెక్క అంతా సవ్యంగా నడిస్తేనే. ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగతా కొనుగోళ్లకున్న వడ్డీ లేని గడువు కూడా పోతుంది, నెలకు నూటికి మూడు రూపాయలు దాటే వడ్డీ మొదలవుతుంది. వస్తువును తిప్పి పంపితే ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా వెనక్కు రాదు. దుకాణంలో బల్ల వేసుకుని కూర్చునే ఫైనాన్సు సంస్థలు కొన్ని ఒకటి రెండు వాయిదాలను కౌంటర్ దగ్గరే వసూలు చేస్తాయి. అప్పుడు సగటు కాలం ఇంకా కుదించుకుపోతుంది, అసలు రేటు ఇంకా పైకి పోతుంది.

నిబంధనలు లేవని అనలేం. 2022లో వచ్చిన కార్డు నిబంధనల ప్రకారం వాయిదాగా మార్చే ముందే అసలు, వడ్డీ, ముందస్తు రాయితీలను విడివిడిగా చూపాలి. బిల్లులోనూ చూపాలి. వడ్డీ ఉన్న వాయిదాను నో కాస్ట్‌గా మభ్యపెట్టి అమ్మరాదు. 2024 అక్టోబరు నుంచి రిటైల్ రుణాలకు వార్షిక రేటుతో కూడిన ముఖ్య వివరాల పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది, అయితే కార్డు బకాయిలను దాని నుంచి మినహాయించారు. ఈ మినహాయింపు తొలగినా సమస్య తీరదు. ఎందుకంటే బ్యాంకు తాను ఇచ్చిన 34,476 మీద లెక్క కడుతుంది. దుకాణం రొక్కానికి 33,500కే ఇస్తోందన్న సంగతి బ్యాంకు కాగితంలోకి రాదు, రావాలన్న నియమమూ లేదు. ఖర్చులో ఒక భాగం బ్యాంకు పత్రంలో ఉంది, అంతకంటే పెద్ద భాగం విక్రయ ప్రతినిధి నోటిలో ఉంది. రెంటినీ ఒకచోట చేర్చే బాధ్యత ఎవరికీ లేదు. రాయితీ మేరకు అప్పు తగ్గాలన్న 2013 నాటి హితవు అక్షరాలా అమలైనట్లే ఉంది, ఆశయం మాత్రం ఈ సందులోంచి జారిపోయింది.

కాబట్టి బ్యాంకింగ్ నియంత్రణ ఒక్కటే దీన్ని సరిచేయలేదు. ధరల ప్రదర్శన మీద అధికారమున్న వినియోగదారుల రక్షణ యంత్రాంగం, ప్రకటనలను పర్యవేక్షించే వ్యవస్థ, రాష్ట్రాల్లో దుకాణాలను తనిఖీ చేసే విభాగాలు కలిసి కదలాలి. వాయిదా మొత్తం రాసిన ప్రతిచోటా, అదే రోజు మొత్తం చెల్లిస్తే ధర ఎంతో అదే సైజు అక్షరాల్లో పక్కనే రాయించాలి. ఆన్‌లైన్ అమ్మకాల్లో వాయిదా మీట నొక్కకముందే ఈ రెండు అంకెలూ ఒకే తెర మీద కనిపించాలి. వార్షిక రేటును రొక్కం ధర ఆధారంగా కట్టమని నిర్దేశించాలి. వ్యాపారికి దీనివల్ల కొత్త ఖర్చేమీ లేదు. రెండు ధరలూ అతని యంత్రంలో ఇప్పటికే ఉన్నాయి.

అవి జరిగేవరకు పాఠకులు చేయగలిగింది ఒకటుంది. దుకాణంలో ‘ఏ కార్డు ఉందండీ?’ అన్న ప్రశ్న చాలా ముందే వస్తుంది. దానికి జవాబు చెప్పకముందే, మొత్తం ఇప్పుడే కడితే ఆఖరి ధర ఎంతో అడిగి చీటీ మీద రాయించుకోండి. వాయిదా గురించి ఆ తరువాతే మాట్లాడండి.