‘ఎక్కడికైనా వస్తాం, ఎప్పుడైనా వస్తాం’ అని రాయడం ఆపుదాం

రెజ్యూమె చూసి చెప్పమని గ్రూపులో పంపిస్తున్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఈ పోస్టు. కొంచెం కోపంగానే రాస్తున్నాం.

మనవాళ్ళ రెజ్యూమెల అడుగున మూడు లైన్లు ఖాయంగా కనిపిస్తున్నాయి: ‘ఇమ్మీడియట్ జాయినర్’, ‘ఎక్కడికైనా రావడానికి సిద్ధం’, ‘నేషనాలిటీ ఇండియన్’. ఉద్యోగం ఇస్తారో ఇవ్వరో అన్న భయంతో రాసేవే ఇవన్నీ.

పాడేరు వైపు తమ్ముడొకడు హైదరాబాద్‌లో సపోర్ట్ ఇంజినీరు. అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు 60 రోజులు. రెజ్యూమెలో మాత్రం ఇమ్మీడియట్ జాయినర్ అని పెట్టాడు. ఆఫర్ వచ్చింది, పది రోజుల్లో చేరమన్నారు. అప్పుడు అసలు సంగతి చెప్పాడు. ఆఫర్ వెనక్కి పోయింది. చెప్పకుండా మానేసి వెళ్దామంటే రిలీవింగ్ లెటర్ రాదు, కొత్త కంపెనీ అడిగేదేమో అదే.

వాడి లెటర్లోనే ఇంకో లైనుంది, వాడు చదవలేదు. కంపెనీ ఒప్పుకుంటే మిగిలిన నోటీసు రోజులకి జీతం కట్టి ముందే వెళ్ళొచ్చట. అంటే రాయాల్సింది ఇది: ‘నోటీసు 60 రోజులు, కంపెనీ అనుమతిస్తే 30 రోజులకి తగ్గించుకోగలను’. రాజీనామా ఇచ్చేశాక రోజులు కాదు, తేదీ రాయాలి. జూన్ 1 నుంచి నోటీసు లెక్కేస్తే అరవయ్యో రోజు జూలై 30. ‘నోటీసులో ఉన్నాను, చివరి పనిరోజు జూలై 30’ అని పెట్టాలి. నౌక్రీ ప్రొఫైల్లో కూడా ఇదే ఉండాలి, రెండూ వేరుగా ఉంటే అనుమానం మొదలైనట్టే.

“60 రోజులంటే ఫోనే రాదు కదన్నా” అంటారు. కొన్ని రావు, నిజమే. కానీ వారంలో మనిషి కావాల్సినవాళ్ళు ఆఫర్ తర్వాత కూడా ఆగరు. ఫోన్ రాకపోతే పోయేది ఒక ఫోను. ఆఫర్ పోతే పెట్టిన సెలవులు, తిరిగిన ఇంటర్వ్యూలు అన్నీ పోతాయి. ఉద్యోగంలో లేని ఫ్రెషర్లు వెంటనే చేరతామని రాసుకోవచ్చు, అది అబద్ధం కాదు.

‘ఎక్కడికైనా’ అన్న మాట ఎవరికీ ఏమీ చెప్పదు. పైగా అడ్రసులో మన ఊరి పేరు చూసి చెన్నై వాళ్ళు “వస్తాడా?” అనుకుంటారు. పేరు కిందనే, ‘ప్రస్తుతం హైదరాబాద్, చెన్నైకి మారతాను’ అని రాస్తే ఆ ప్రశ్న ఉండదు. అప్లై చేసే ఊరిని బట్టి ఆ పేరు మార్చండి. వెళ్ళలేని ఊరైతే రాయకండి.

ఇక మన దేశంలో ఉద్యోగానికి మనం పని అనుమతి గురించి రాయక్కర్లేదు. కులం, మతం, ఆధార్ నంబర్ కూడా తీసేయండి. సర్కారు కొలువుల్లో రిజర్వేషన్ కోసం అప్లికేషన్‌లో గడి వేరే ఉంటుంది. అమెరికాలో చదువుతున్నవాళ్ళ సంగతి వేరు. అక్కడ ఓపీటీ మీద ఉంటే ‘పని అనుమతి ఫలానా తేదీ వరకు’ అని ఒక్క లైను చాలు. ముందు ముందు స్పాన్సర్‌షిప్ కావాలా అని ఫారంలో అడిగితే, కావాల్సినవాళ్ళు అవుననే చెప్పాలి.

రెజ్యూమె పంపేవాళ్ళు ఇకనుంచి అపాయింట్‌మెంట్ లెటర్లో నోటీసు పేరా కూడా ఫోటో తీసి పంపండి. జీతం అంకె కనిపించకుండా చూసుకోండి.