సంతకం పెట్టందే కథ వాళ్లది కాదు

"సినిమాగా తీస్తారట, అదే చాలు" అని కథను నోటిమాటతో ఇచ్చేయడం ఇక మానాలి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రచయిత సంతకం చేసిన కాగితం లేనిదే హక్కు బదిలీ చెల్లదు.

ఇద్దరు విడదీయలేనంతగా కలిసి రాసిన స్క్రిప్టుకు ఒక్కరే సంతకం పెట్టారనుకుందాం. రెండోవారి హక్కు నిర్మాతకు చేరదు. తనకు లేని హక్కును అతను మరొకరికి అమ్మలేడు. హక్కుల గొలుసు మొదటి లంకెలోనే తెగింది.

కాగితంలో గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే. అందుకే వాళ్లు "శాశ్వతంగా, సర్వహక్కులు" అని రాసుకొస్తారు. ఆ మాట కొట్టేయించండి. ఏ హక్కు, ఎన్నేళ్లు, ఎంత డబ్బో రాయించాకే ఇద్దరూ సంతకం పెట్టండి.

"తాతలనాటి కథ అందరిదీ కదా" అంటారు. కథ అందరిదే. మనం రాసిన తీరు మాత్రం మనది.