అరిగిన వేలికి ఆగరాదు పింఛను

పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టి పొట్టపోసుకున్న ఆడవారి వేళ్లు చూస్తే ఈ సమస్య బోధపడుతుంది. జీడితొక్కలోని నూనె ఘాటుకు చర్మం కాలి, ఊడి, మళ్లీ వస్తుంది. ఏళ్లతరబడి ఇదే సాగితే వేలి గీతలు అరిగిపోతాయి. ఉద్దానంలో కొబ్బరి పీచు పని, టెక్కలి వైపు రాతి పని చేసినవారిదీ ఇంచుమించు అదే గతి. ముదిమిలో చర్మం ఎండిపోవడం దానికి తోడు. అటువంటి ముసలమ్మ యంత్రంపై వేలు పెడితే ముద్ర సరిపోలలేదంటుంది. అంతమాత్రాన ఆమె అనర్హురాలు కాదు.

మొదట లోపం ఎక్కడుందో తేల్చుకోవాలి. తెరపై 300 అని వస్తే ముద్ర సరిపోలలేదని అర్థం. 330 అని వస్తే ఆధార్ బయోమెట్రిక్‌కు తాళం వేసి ఉందన్నమాట. దాన్ని తీయించనిదే ఎన్నిసార్లు వేలు నొక్కినా ఫలితం ఉండదు. సిగ్నల్ అందకపోతే తప్పు వేలిది కానే కాదు.

నెల మొదట 4,000 రూపాయల పింఛను కోసం ఎదురుచూసే జీడి కార్మికురాలి సంగతే తీసుకుందాం. 300 వచ్చిందంటే ఆమె చేతులు సబ్బుతో కడిగించి, యంత్రం అద్దం తుడిచి, మిగతా వేళ్లు కూడా పెట్టించాలి. నమోదునాడు పది వేళ్ల ముద్రలూ తీసుకున్నారు కనుక ఏ వేలైనా పనికొస్తుంది. అదీ కుదరకపోతే కంటిపాప, ఆపైన ముఖం చూపించాలి.

అన్నీ విఫలమైతేనో? 2017 అక్టోబరు 24న ఆధార్ ప్రాధికార సంస్థ ఇచ్చిన సర్క్యులర్ దీనికి దారి చూపింది. ఆధార్ కార్డు చూసి లబ్ధి అందించి, ఆ వివరం మినహాయింపు రిజిస్టరులో రాయాలని, దాన్ని అధికారులు ఎప్పటికప్పుడు పరిశీలించాలని చెప్పింది. ముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు లబ్ధి నిరాకరించరాదని 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పులో సుప్రీంకోర్టూ స్పష్టం చేసింది.

రెండు నెలలు తీసుకోని పింఛను మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 డిసెంబరు నుంచి ఉంది. అయితే ఇది మందు కాదు. మూడో నెల 12,000 చేతికి వచ్చేదాకా బియ్యం, మాత్రలు అప్పు మీదనే తేవాలి. ఆ నెల కూడా ముద్ర పడకపోతే అసలు పింఛనుకే ఎసరు వస్తుంది.

కనుక ‘రేపు రండి’ అన్న మాట చాలదు. ముద్ర పడని రోజునే సచివాలయ ఉద్యోగి తేదీ, తెరపై వచ్చిన నంబరు, ప్రయత్నించిన మార్గాలు రిజిస్టరులో రాసి, సాక్షి సంతకంతో డబ్బు చెల్లించే ఏర్పాటు కావాలి. ఎంపీడీవో, మునిసిపల్ కమిషనర్ నెలనెలా ఆ రిజిస్టరు చూస్తే దొంగ పేర్లకూ తావుండదు. ఆధార్ కేంద్రంలో ముద్రలు నవీకరించే పని తర్వాత జరగవచ్చు. అరిగిన గీతలు నవీకరించినా నిలవకపోవచ్చు కాబట్టి కంటిపాప, ముఖం కూడా అప్పుడే సరిచేయించడం మేలు. ఆలోగా ముసలివారి కంచంలో మెతుకు ఆగరాదు.