ఈసీలో కనబడని జప్తు కొన్నవారి నెత్తినా?

ఇల్లో స్థలమో కొనే మధ్యతరగతి కుటుంబం రిజిస్ట్రేషన్‌కు ముందు చేసే పెద్ద తనిఖీ ఈసీ తీయడం. ముప్ఫై ఏళ్ల ఈసీలో తాకట్టు లేదు, వేరొకరి పేరిట అమ్మకం లేదు అని తేలితే ధైర్యంగా డబ్బు కడతారు. అయితే ఈసీ చూపేది సబ్ రిజిస్ట్రార్ పుస్తకాల్లోకి ఎక్కిన లావాదేవీలనే. అప్పిచ్చినవారు కోర్టుకెళ్లి తెచ్చుకున్న జప్తు ఉత్తర్వు ఆ పుస్తకాల్లోకి ఎక్కకపోతే ఈసీ శుభ్రంగానే ఉంటుంది, జప్తు మాత్రం చట్టం దృష్టిలో బతికే ఉంటుంది. ఇలా దాగి ఉన్న జప్తు భారాన్ని నిజాయతీగా కొన్నవారి మీద వేయడం అన్యాయం. దాన్ని సరిదిద్దే అధికారం చాలావరకు మన హైకోర్టుల చేతిలో, మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాల చేతిలో ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ శివార్లలో రెండు వందల గజాల స్థలాన్ని ఒకరు 40 లక్షలకు బేరం చేసి, జనవరిలో 5 లక్షలు బయానా ఇచ్చి, స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాయించుకున్నారు. రిజిస్టర్ చేయించలేదు. అమ్మేవారికి ప్రామిసరీ నోటు మీద 12 లక్షల అప్పు ఉంది. ఆస్తి చేయి దాటిపోతుందన్న భయంతో అప్పిచ్చిన వ్యక్తి దావా వేసి, తీర్పుకు ముందే జప్తు కోరాడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 38వ ఆర్డరు 5వ రూలు ఇందుకు వీలిస్తుంది. మార్చిలో జప్తు జరిగింది. మే నెలలో ఈసీ తీస్తే అందులో ఏమీ లేదు. మిగతా 35 లక్షలు కట్టి సేల్ డీడ్ రాయించుకున్నారు. రెండేళ్ల తర్వాత వడ్డీతో కలిపి 16 లక్షలకు డిక్రీ వచ్చింది. ఆ డిక్రీ అమలు కోసం కోర్టు సిబ్బంది స్థలం దగ్గర వేలం నోటీసు అంటించినప్పుడు గానీ కొన్నవారికి సంగతి తెలియలేదు.

ఇప్పుడు ఆ సేల్ డీడ్ గతేమిటి? కోడ్‌లోని 64వ సెక్షన్ ప్రకారం జప్తు జరిగాక చేసిన ప్రైవేటు అమ్మకం ఆ జప్తు కింద వసూలు చేసుకోదగిన బాకీల మేరకు చెల్లదు. ‘ఆ మేరకు’ అన్న మాటను చాలామంది గమనించరు. అమ్మకం పూర్తిగా రద్దయిపోదు. బాకీ తీరి జప్తు తొలగితే కొన్నవారి హక్కు నిలుస్తుంది. కాబట్టి ఆ 16 లక్షలను తామే కోర్టులో కట్టి స్థలాన్ని కాపాడుకోవచ్చు. తర్వాత అమ్మినవారి మీద దావా వేసి రాబట్టుకోవాలి. అప్పటికి అమ్మినవారి దగ్గర ఏం మిగిలి ఉంటుందన్నది వేరే ప్రశ్న. జప్తే తప్పని వాదించదలిస్తే 21వ ఆర్డరు 58వ రూలు కింద క్లెయిము పిటిషన్ వేయాలి. అదీ వేలం పూర్తి కాకముందే. వేలం ముగిశాక వేస్తే ఆ పిటిషన్‌ను కోర్టు స్వీకరించదు.

మరి జనవరిలో రాసుకున్న అగ్రిమెంటు అడ్డుపడదా? ఒకప్పుడు పడేది. జప్తుకు ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం తర్వాత రాసిన సేల్ డీడ్ చెల్లుతుందని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. జప్తుకు ముందు రాసి, జప్తు తర్వాత రిజిస్టరైన దస్తావేజును సైతం హమ్దా అమ్మాళ్ కేసులో నిలబెట్టింది. కానీ 2002 సవరణతో 64వ సెక్షన్‌కు రెండో ఉపసెక్షన్ చేరింది. జప్తుకు ముందే కుదిరి, జప్తుకు ముందే రిజిస్టరైన ఒప్పందం ఉంటేనే ఆ ఉపసెక్షన్ రక్షణ దొరుకుతుంది. పాత తేదీలు వేసిన దొంగ అగ్రిమెంట్లను అరికట్టడానికి ఈ నిబంధన సమంజసమే. కొనేవారు గట్టిగా పట్టుకోవలసిన పాఠం కూడా ఇక్కడే ఉంది: బయానా ఇచ్చే రోజే అగ్రిమెంటును రిజిస్టర్ చేయించుకోవాలి. ఖర్చుకు వెనకాడి చేతిరాత ఒప్పందంతో సరిపెట్టుకుంటే మన ఉదాహరణలోని కొనుగోలుదారులా మిగులుతారు.

ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించమని కొనేవారిని ఇంత గట్టిగా అడిగే చట్టం జప్తును రిజిస్టర్ చేయించమని అప్పిచ్చినవారిని ఎందుకు అడగదు? 21వ ఆర్డరు 54వ రూలు మూలపాఠం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. జప్తు ఉత్తర్వును ఆస్తి దగ్గర గానీ పక్కన గానీ టముకు వేసి చాటాలి. ఆస్తి మీద, కోర్టు భవనం మీద అంటించాలి. శిస్తు కట్టే భూమైతే కలెక్టరు కార్యాలయంలో, గ్రామంలోనిదైతే పంచాయతీ కార్యాలయంలో కూడా అంటించాలి. కొనేవారు నిజంగా వెళ్లి వాకబు చేసే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ఊసే ఆ జాబితాలో లేదు. హైదరాబాద్‌లో ఉంటూ గుంటూరు జిల్లాలో స్థలం కొనేవారికి ఆ టముకు ఎలా వినిపిస్తుంది?

పన్ను చట్టాలు ఈ విషయంలో మెరుగ్గా ఉన్నాయి. జీఎస్టీ చట్టం 83వ సెక్షన్ కింద అధికారులు తాత్కాలిక జప్తు చేస్తే, దాని నకలును సంబంధిత రెవెన్యూ తదితర అధికారులకు పంపి ఆ ఆస్తిపై భారం నమోదు చేయించాలని 159వ రూలు చెబుతోంది. ఆ జప్తు ఏడాది దాటితే చెల్లదు. పన్ను బాకీ ఎగవేయడానికి ఆస్తిని బదలాయిస్తే చెల్లదని 81వ సెక్షన్ అంటూనే, తగిన ధర చెల్లించి, బాకీ సంగతి తెలియక సద్బుద్ధితో కొన్నవారిని మినహాయిస్తోంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 281వ సెక్షన్‌లోనూ ఇలాంటి మినహాయింపే ఇచ్చారు. ప్రభుత్వ ఖజానాకు రావలసిన డబ్బు విషయంలోనే తెలియక కొన్నవారిని చట్టం కనికరిస్తున్నప్పుడు, ప్రైవేటు ప్రామిసరీ నోటు బాకీ కోసం వారిని వదలకపోవడానికి కారణం కనబడదు.

54వ రూలును సవరించడానికి పార్లమెంటు దాకా వెళ్లనక్కరలేదు. కోడ్ 122వ సెక్షన్ కింద ఆర్డర్లలోని రూళ్లను మార్చుకునే అధికారం హైకోర్టులకే ఉంది. జప్తు ఉత్తర్వు వెలువడిన రోజే సబ్ రిజిస్ట్రార్‌కు చేరాలని, ఈసీలో కనిపించిన నాటి నుంచే కొనుగోలుదారులపై జప్తు జరిగినట్టు లెక్కించాలని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు రూలు తేవాలి. తెలియక కొన్నవారికి 64వ సెక్షన్‌లోనే మినహాయింపు కావాలంటే శాసనం అవసరం. సివిల్ ప్రొసీజర్ ఉమ్మడి జాబితాలోని అంశం కనుక రాష్ట్రాలు రాష్ట్రపతి ఆమోదంతో సవరణ తెచ్చుకోవచ్చు. ఇక మన రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ ‘ఇ’ క్లాజులో కోర్టులు, పన్ను చట్టాల కింద జప్తయిన ఆస్తుల ప్రస్తావన ఇప్పటికే ఉంది. ఆ క్లాజు కింద రిజిస్ట్రేషన్ ఆపాలంటే నోటిఫికేషన్ తప్పనిసరని ఉమ్మడి హైకోర్టు ఫుల్ బెంచ్ 2015లో తేల్చింది. ఆ నోటిఫికేషన్లను ఎప్పటికప్పుడు ఇవ్వడం ప్రభుత్వాల పని.

దీనివల్ల అప్పిచ్చినవారికి నష్టమన్న వాదన నిలవదు. ఈసీలో జప్తు కనిపిస్తే అమ్మకమే ఆగిపోతుంది, ఆస్తి చేయి దాటదు. వారు జప్తు కోరింది అందుకే కదా. అసలైన ఇబ్బంది మరోచోట ఉంది. దావా కొట్టేసినా, బాకీ తీరినా జప్తు ఎంట్రీ రికార్డులో అలాగే ఉండిపోవచ్చు. సర్వే నంబరు మొత్తాన్ని నమోదు చేస్తే బాకీతో సంబంధం లేని పక్క ప్లాట్ల వారి రిజిస్ట్రేషన్లూ ఆగిపోతాయి. అందుకే ఉత్తర్వులో ప్లాటు నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్పనిసరిగా ఉండాలి. జప్తు ఎత్తివేసే ఉత్తర్వును కూడా కోర్టే నేరుగా సబ్ రిజిస్ట్రార్‌కు పంపాలి. ఆ ఎంట్రీ తీయించుకోవడానికి యజమాని కాగితాలు పట్టుకుని కార్యాలయాల చుట్టూ తిరిగే అవసరం ఉండకూడదు.