మొదట ఎంత ఉందో ఎవరు చూశారు?

కుప్పం చుట్టుపక్కల రాళ్ల వయసు కోట్ల ఏళ్లు అనగానే ఒక ప్రశ్న తప్పక వస్తుంది. "రాయి పుట్టినప్పుడు అందులో సీసం ఎంత ఉందో ఎవరు చూశారు? మధ్యలో కొంత కారిపోయి ఉంటే? లెక్కంతా ఊహే కదా!" చదువుకున్నవాళ్లు కూడా ఈ మాటకు తలూపుతారు. ప్రశ్న మంచిదే. జవాబు లేదనుకోవడమే తప్పు.

గ్రానైట్, నైస్ రాళ్లలో ఇసుక రేణువుకన్నా చిన్నగా జిర్కాన్ స్ఫటికాలుంటాయి. కరిగిన రాయి గట్టిపడేటప్పుడు జిర్కాన్ యురేనియాన్ని తనలో ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి ఇప్పుడు అందులో దొరికే సీసం అక్కడే యురేనియం క్షీణించి పుట్టినది.

మరి కారిపోతే? యురేనియంలో రెండు రకాలున్నాయి. 238 రకం సగానికి తగ్గడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, 235 రకానికి 70 కోట్లే. వేర్వేరు వేగాలతో నడిచే రెండు గడియారాలు ఒకే స్ఫటికంలో ఉన్నట్టు. కుప్పానికి పక్కనున్న కోలారు బంగారు గనుల ప్రాంతంలో, తూర్పువైపు నైస్ వయసు సుమారు 253 కోట్ల ఏళ్లు. అంత వయసున్న జిర్కాన్‌లో మిగిలిన ప్రతి 100 యురేనియం-238 పరమాణువులకూ 48 సీసం-206 పరమాణువులుండాలి. మిగిలిన ఒక్కో యురేనియం-235 పరమాణువుకు 11 సీసం-207 పరమాణువులుండాలి. ఈ మధ్యకాలంలో ఐదో వంతు సీసం కారిపోయిందనుకుందాం. అప్పుడు మొదటి గడియారం 210 కోట్లు, రెండోది 232 కోట్లు చూపిస్తాయి. నష్టం జరిగిందని ఆ తేడాయే చెబుతుంది. రెండూ కలిస్తేనే ఆ వయసును నమ్ముతారు.

మన క్వారీల్లో ఇంకో సాక్ష్యం కంటికే కనబడుతుంది. చారల నైస్‌ను అడ్డంగా చీల్చుకుంటూ నల్లరాతి డైకు పోతుంది. దాని అంచుల్లో రేణువులు సన్నగా ఉంటాయి, చల్లని రాయిని తాకి త్వరగా గడ్డకట్టినందువల్ల. అంటే నైస్ ముందు, డైకు తర్వాత. ఈ ధార్వాడ్ ప్రాంతపు డైకుల్లో ఒక పెద్ద సమూహానికి వచ్చిన వయసు 237 కోట్ల ఏళ్లు. వరస తప్పలేదు.

అయినా మన రాయి వయసు భూమి వయసు కాదు. భూమి తొలి పైపొర కరిగి, కలిసిపోయింది. అందుకే ఉల్కల దగ్గరికి వెళ్లాలి. 1956లో క్లేర్ ప్యాటర్సన్ అరిజోనాలో పడిన ఇనుప ఉల్కలోని ట్రాయిలైట్ అనే ఖనిజాన్ని తీసుకున్నాడు. అందులో యురేనియం లేనట్టే, కాబట్టి దాని సీసం మొదట్లో ఎలా ఉందో అలాగే మిగిలింది. "ఎవరు చూశారు" అన్న మొదటి సీసం అదే! రాతి ఉల్కల్లో మాత్రం యురేనియం వల్ల సీసం పెరుగుతూ వచ్చింది. ఇవన్నీ గ్రాఫులో ఒకే సరళరేఖ మీద పడ్డాయి. ఆ రేఖ వాలు 455 కోట్ల ఏళ్లు చెప్పింది, ఏడు కోట్లు అటూ ఇటూ. సముద్రపు అడుగు మట్టిలోని సీసం కూడా ఆ రేఖ దగ్గరే నిలిచింది. భూమి, ఉల్కలు ఒకే ముద్ద నుంచి వచ్చాయని అలా తేలింది. భూమి ఒక్క రోజులో ముద్దకట్టలేదు, దానికి కోట్ల ఏళ్లు పట్టింది. కాబట్టి పుట్టిన తేదీ అడిగితే చెప్పలేం. కానీ ఆ సందు వెడల్పు కొన్ని కోట్ల ఏళ్లే, లెక్క మొత్తాన్ని కొట్టేసేంత కాదు.

మొదటి సీసాన్ని మనిషి చూడనక్కరలేదు. ట్రాయిలైట్ దాన్ని దాచి ఉంచింది.